బడ్జెట్ ఫోన్ ఎరాంగెల్‌లో దిగితే

మొబైల్ షాపు కౌంటర్ దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇందులో బీజీఎంఐ ఆడుద్దా?" జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "సూపర్‌గా ఆడుద్ది తమ్ముడూ, చూస్కో" అంటూ సేల్స్ కుర్రాడు డెమో ఫోన్ చేతిలో పెడతాడు. ఏసీ చల్లగా ఉంటుంది, ఫోన్‌లో వేరే యాప్‌లేవీ ఉండవు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఐదు నిమిషాలు తిరిగి నాలుగు తూటాలు కాలిస్తే ఆట నిజంగానే నున్నగా సాగుతుంది. పదకొండు, పన్నెండు వేలు చెల్లించి ఇంటికి తెచ్చుకున్నాక అదే ఫోన్ మూడో మ్యాచ్ మధ్యలో నత్తలా నడుస్తుంది.

షాపులో చెప్పింది అబద్ధం కాదు. అక్కడ జరిగిన పరీక్ష సగంలో ఆగిపోయింది, అంతే. ఇలాంటి ఆటలు ఫోన్‌ను మూడు వైపుల నుంచి పరీక్షిస్తాయి: చిప్, మెమరీ, వేడి. ఈ మూడూ ఒకే క్షణంలో బయటపడవు. ఎరాంగెల్ మ్యాప్‌లో ఒక పూర్తి మ్యాచ్ సుమారు అరగంట నడుస్తుంది. చిప్ బలహీనత మొదటి కాల్పుల్లోనే కనిపిస్తుంది. మెమరీ బలహీనత పారాచూట్ దిగేటప్పుడు తెలుస్తుంది. వేడి మాత్రం పదిహేను, ఇరవై నిమిషాలు ఓపిగ్గా కాచుకుని కూర్చుంటుంది. ఎప్పుడు ఇబ్బంది వచ్చిందో గమనిస్తే, ఎందుకు వచ్చిందో చాలావరకు చెప్పేయొచ్చు.

ఉదాహరణకు ఒక ఫోన్ కావాలి కాబట్టి రెడ్‌మీ 12 5జీని తీసుకుందాం. 2023 ఆగస్టులో మన దేశంలో దాదాపు పదకొండు వేల ధర దగ్గర మొదలై బాగా అమ్ముడైన మోడల్ ఇది. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 చిప్, 4 జీబీ ర్యామ్ నుంచి మొదలయ్యే రకాలు, 6.79 అంగుళాల ఎల్‌సీడీ తెర, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, దాదాపు 200 గ్రాముల బరువు. తర్వాత ఇదే ధరలో వచ్చిన చాలా ఫోన్ల కొలతలు కూడా దీనికి అటూ ఇటూగానే ఉన్నాయి కనుక, ఇక్కడ వేసే లెక్కలు వాటికీ పనికొస్తాయి.

నున్నగా అంటే ఎంత?

ఆట తెర మీద కదులుతున్నట్టు కనిపించేది నిజానికి ఒకదాని వెనక ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. బీజీఎంఐ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ కింద కనిపించే పేర్లన్నీ ఈ లెక్కకు పెట్టిన మెట్లే. 'హై' అంటే సెకనుకు 30 ఫ్రేములు, 'అల్ట్రా' అంటే 40, 'ఎక్స్‌ట్రీమ్' అంటే 60. ఖరీదైన ఫోన్లకు ఆపైన 90, 120 కూడా తెరుచుకుంటాయి.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ఫోన్ ఆటగాడి వేలు ఎక్కడుందో చూడాలి, తూటా ఎక్కడ తగిలిందో లెక్కించాలి, చుట్టుపక్కల శత్రువుల కదలికలను సర్వర్ నుంచి అందుకోవాలి, చివరికి చెట్లూ గోడలూ పొగా అన్నీ గీసి తెరకు అప్పగించాలి. 40 ఫ్రేములకు గడువు 25 మిల్లీసెకన్లు, 30కి 33 మిల్లీసెకన్లు.

తెర ఎవరి కోసమూ ఆగదు. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు బయల్దేరే బస్సు లాంటిది. ఫ్రేమ్ ఒక్క మిల్లీసెకను ఆలస్యమైనా బస్సు వెళ్ళిపోతుంది, తర్వాతి బస్సు వచ్చేదాకా పాత చిత్రమే తెర మీద ఉంటుంది. అంటే 17.7 మిల్లీసెకన్లలో సిద్ధమైన ఫ్రేమ్ కంటికి కనిపించేసరికి 33 మిల్లీసెకన్లు అవుతుంది. ఆటగాళ్లు ఫ్రేమ్ డ్రాప్ అని విసుక్కునేది దీన్నే. సగటు 55 ఉన్నా మధ్యమధ్యలో ఇలా గతుకులు పడే ఆట కంటే, కదలకుండా 40 దగ్గర నిలిచిన ఆటలో గురి బాగా కుదురుతుంది.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. 60 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేములు సమానంగా సర్దుకోవు. ఒక ఫ్రేమ్ ఒక వంతు, దాని తర్వాతది రెండు వంతుల సేపు నిలవాల్సి వస్తుంది. 16.7, 33.3, మళ్ళీ 16.7. సగటు 25 వచ్చినా నడక మాత్రం కుంటుతుంది. 120 హెర్ట్జ్ తెరకు ఆ బాధ లేదు. దాని వంతు 8.3 మిల్లీసెకన్లే కాబట్టి ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడు వంతులు నిలుస్తుంది. 30 అయితే నాలుగు వంతులు, 60 అయితే రెండు. చవక ఫోన్‌లో 120 హెర్ట్జ్ తెర ఉంటే 120 ఫ్రేములు వస్తాయని కాదు. ఆట నడిచేటప్పుడు తెర ఆ వేగాన్నే నిలుపుకుంటే 40 ఫ్రేములే సాఫీగా కనిపిస్తాయి, అదీ ఉపయోగం. కొన్ని ఫోన్లు ఆట తెరవగానే తెరను 60కి దించేస్తాయి. అప్పుడు డబ్బా మీద రాసిన అంకె డబ్బా మీదే మిగిలిపోతుంది.

ఎనిమిది కోర్లలో పని చేసేవి ఎన్ని?

బడ్జెట్ చిప్ ప్రకటనలో మొదట కనిపించే మాట ఆక్టా కోర్. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2లో నిజంగానే ఎనిమిది కోర్లున్నాయి. వాటిలో గట్టివి రెండే, 2.2 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే కార్టెక్స్ ఏ78 కోర్లు. మిగతా ఆరూ ఏ55 అనే చిన్న కోర్లు. అవి కరెంటు పొదుపు చేయడానికి, వాట్సాప్ సందేశాలు తెచ్చుకోవడానికి చక్కగా సరిపోతాయి.

ఆట పని ఎనిమిది భాగాలుగా సమానంగా తెగదు. బీజీఎంఐకి ఆధారం అన్‌రియల్ ఇంజిన్ 4. అందులో ఆట నియమాలను నడిపే థ్రెడ్ ఒకటి, గీయాల్సినవాటిని వరస పెట్టి అందించే థ్రెడ్ ఇంకొకటి. బరువంతా ప్రధానంగా ఈ రెంటి మీదే పడుతుంది. ఈ రెండు థ్రెడ్‌లూ రెండు పెద్ద కోర్లను ఎక్కేస్తాయి. అదే సమయంలో వెనకాల స్క్రీన్ రికార్డింగ్ నడుస్తున్నా, డిస్కార్డ్‌లో స్నేహితులతో మాట్లాడుతున్నా, ఆ పనులకు చిన్న కోర్లు చాలనప్పుడు పెద్ద కోర్లలోనే చోటు కోసం తోపులాట మొదలవుతుంది. కోర్ల సంఖ్య కన్నా పెద్ద కోర్లు ఎన్ని, అవి ఏ తరానివి అన్నది అడగడం మేలు.

గీసే పని మాత్రం గ్రాఫిక్స్ భాగానిది, అంటే జీపీయూది. బడ్జెట్ ఫోన్‌లో ఎక్కువ రాజీ పడేది ఇక్కడే. దాన్ని తేలిగ్గా పట్టించేది స్మోక్ గ్రెనేడ్. గోడను గీయడం సులువు, ఎందుకంటే గోడ వెనక ఉన్నది కనిపించదు కాబట్టి గీయక్కర్లేదు. పొగ అలా కాదు. అది సగం పారదర్శకంగా ఉండే పొరల దొంతర. ప్రతి పొర వెనకా ఏముందో చూసి, రంగు కలిపి, మళ్ళీ రాయాలి. తెరలో సగభాగాన్ని పది పొరల పొగ కమ్మేస్తే, అదనంగా ఐదు తెరలు గీసినంత పని ఒక్క ఫ్రేమ్‌లోనే మీద పడుతుంది. చివరి వలయంలో నాలుగు వైపులా పొగ లేచినప్పుడు ఫ్రేములు పడిపోవడానికి కారణం ఇదే. అది మ్యాచ్ రెండో నిమిషంలో జరిగినా, ఇరవై ఐదో నిమిషంలో జరిగినా చిప్ లోపమే.

గీయాల్సిన చుక్కలను తగ్గించడం దీనికి నేరుగా పనిచేసే మందు. రెడ్‌మీ 12 5జీ తెర మీద 1080 × 2460, అంటే సుమారు 26.6 లక్షల చుక్కలున్నాయి. ఇదే ధరలో దొరికే 720 × 1600 తెరలో 11.5 లక్షలే. వీడియో చూసేవారికి మొదటిది నచ్చుతుంది. ఆట ఆడే జీపీయూకు రెండోదానిలో పని సగం కన్నా తక్కువ. ఆటలు ఈ సంగతి ఎరిగినవే. అందుకే తక్కువ గ్రాఫిక్స్ ఎంచుకున్నప్పుడు చాలా ఆటలు చిన్న సైజులో చిత్రం గీసి దాన్ని తెరకు సరిపడా సాగదీస్తాయి. 'స్మూత్' పెట్టినప్పుడు దూరపు చెట్ల అంచులు పలచబడి మసకగా కనిపించడం వెనక ఇలాంటి పొదుపులే ఉన్నాయి.

కొత్త పేరున్న చిప్‌లన్నీ కొత్త చిప్‌లే అనుకోవడం కూడా పొరపాటు. మీడియాటెక్ 2020 చివర్లో ప్రకటించిన డైమెన్సిటీ 700లో రెండు ఏ76 కోర్లు, ఆరు ఏ55 కోర్లు, మాలీ జీ57 ఎంసీ2 గ్రాఫిక్స్ ఉన్నాయి. 2024లో వచ్చిన డైమెన్సిటీ 6300లోనూ అవే కోర్లు, అదే గ్రాఫిక్స్. తయారీ 7 నానోమీటర్ల నుంచి 6కు దిగింది, వేగం కాస్త పెరిగింది, మధ్యలో పేరు మూడు నాలుగుసార్లు మారింది. కరెంటు కొంచెం తక్కువ తాగడం నిజమే. పొగ గీసే సత్తా మాత్రం నాలుగేళ్లలో చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. అదే కంపెనీ డైమెన్సిటీ 7300 సంగతి వేరు. అందులో పెద్ద కోర్లే నాలుగు, అవీ ఏ78లు, గ్రాఫిక్స్ కూడా కొత్త తరానిది. ఆ చిప్‌తో సీఎంఎఫ్ ఫోన్ 1 2024 జులైలో 15,999 రూపాయలకు వచ్చింది. పదకొండు వేలకూ పదహారు వేలకూ మధ్య ఆటగాడికి కనిపించే అసలైన తేడా కెమెరాలో కన్నా ఇక్కడే ఎక్కువ.

ఏ ఆట అన్నది కూడా చూడాలి. ఫ్రీ ఫైర్ మ్యాచ్‌లో సాధారణంగా యాభై మందే, మ్యాప్ చిన్నది, ఆట పది నిమిషాల చిల్లరలో ముగుస్తుంది. తక్కువ ధర ఫోన్లను మొదటి నుంచీ దృష్టిలో పెట్టుకుని తయారైన ఆట అది. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో ఐదుగురికి ఐదుగురు తలపడే చిన్న మ్యాప్‌లు బడ్జెట్ చిప్‌కు ఇబ్బంది పెట్టవు. ఆ ఆటలోని బ్యాటిల్ రాయల్‌కు వెళితే మాత్రం అదే ఫోన్ రొప్పుతుంది.

పారాచూట్ దిగే అర నిమిషం

మెమరీ అనగానే ర్యామ్ ఎన్ని జీబీలు అన్న ప్రశ్నే వస్తుంది. 2021 జులైలో బీజీఎంఐ విడుదలైనప్పుడు క్రాఫ్టన్ చెప్పిన కనీస అవసరం 2 జీబీ. అది ఆట తెరుచుకోవడానికి చాలేంత మాత్రమే. నేటి 4 జీబీ ఫోన్‌లో ఆండ్రాయిడ్, దాని మీద కంపెనీ వేసిన సొంత పొర, గూగుల్ సేవలు కలిసి సగం దాకా మింగేస్తాయి. మిగిలిన సగంలో ఆట సర్దుకోవాలి. చాలకపోతే ఆండ్రాయిడ్ రెండు పనులు చేస్తుంది. వాడని పేజీలను కుదించి ర్యామ్‌లోనే ఓ మూల పెడుతుంది. అదీ చాలకపోతే వెనకున్న యాప్‌లను ఒక్కొక్కటిగా చంపుతుంది. మ్యాచ్ మధ్యలో ఫోన్ కాల్ మాట్లాడి తిరిగి వస్తే ఆట మళ్ళీ లోగో నుంచి మొదలవడం ఈ రెండో పని ఫలితమే. కుదించడం, విప్పడం కూడా ఊరికే జరగవు. ఆ పనికి ప్రాసెసర్ సమయం కావాలి, ఫ్రేమ్ గడువులోంచే దాన్ని కోసుకోవాలి.

జీబీల కన్నా తక్కువగా చర్చకు వచ్చేది స్టోరేజీ వేగం. ఎరాంగెల్ మొత్తం ఒకేసారి ర్యామ్‌లో పట్టదు. ఆటగాడు వెళ్తున్న దిక్కును బట్టి ఇళ్లు, గోడల రంగులు, తుపాకుల రూపాలు స్టోరేజీ నుంచి ముక్కలు ముక్కలుగా వస్తుంటాయి. పారాచూట్ పొచింకీ ఊరి మీదకు దిగుతున్న ఆ అర నిమిషంలో రావాల్సిన ముక్కలు ఒక్కసారిగా పెరుగుతాయి. చవక ఫోన్లలో ఇప్పటికీ కనిపించే ఈఎంఎంసీ స్టోరేజీ సెకనుకు 250 నుంచి 300 మెగాబైట్లు చదవగలదు, అదీ ఒకేసారి చదవడం, రాయడం రెండూ చేయలేదు. యూఎఫ్‌ఎస్ 2.2 దానికి మూడు రెట్లు, అంతకు మించీ చదువుతుంది, రెండు పనులూ కలిసి చేస్తుంది. మొదటి రకం ఫోన్‌లో దిగినవాడు మైనపు ముద్దల్లాంటి ఇళ్లను చూస్తాడు, తలుపు దగ్గర అర సెకను ఆగిపోతాడు. ఆ అర సెకనులో పక్కవాడు తుపాకీ తీసుకుంటాడు. రెడ్‌మీ 12 5జీలో ఉన్నది యూఎఫ్‌ఎస్ 2.2. దాని పక్కనే అదే ధరలో ఈఎంఎంసీ ఉన్న ఫోన్ కనిపిస్తే ఆటగాడు తేల్చుకోవడానికి ఈ ఒక్క తేడా చాలు.

ఈ సందర్భంలోనే వర్చువల్ ర్యామ్ గురించి చెప్పాలి. 8 ప్లస్ 8, కలిపి 16 జీబీ అని డబ్బా మీద అచ్చేస్తారు. రెండో ఎనిమిదీ స్టోరేజీలోంచి తీసి పక్కన పెట్టిన చోటు. నిద్రపోతున్న యాప్‌ను అక్కడికి తరలిస్తే కొంత లాభం ఉంటుంది. ప్రతి 25 మిల్లీసెకన్లకూ కావలసిన ఆట సరుకు అక్కడుంటే ఏ లాభమూ ఉండదు, దాన్ని తేవడానికే గడువు దాటిపోతుంది. ఈఎంఎంసీ ఫోన్‌లో దీన్ని ఆపేస్తే కొందరికి ఆట మెరుగుపడటానికి కారణం, ఇరుకు దారిలో ఒక వరస వాహనాలు తగ్గడమే.

ఐదు నిమిషాల్లో తెలియని వేడి

చిప్ తాగిన కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఎంత తాగుతోందో తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో నిండుగా సుమారు 19 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అరగంట మ్యాచ్‌లో 9 శాతం ఛార్జింగ్ తగ్గిందనుకుంటే ఖర్చయింది 1.7 వాట్ అవర్లు. అరగంటలో అంత ఖర్చయిందంటే సగటున 3.4 వాట్లు. తెర, నెట్‌వర్క్, చిప్ అన్నీ కలిపి ఇది.

ఈ 3.4 వాట్లు బయటకు పోవడానికి ఫోన్‌లో ఫ్యాన్ లేదు. ఉన్న దారి దాని చర్మమే. ఈ సైజు ఫోన్‌కు ముందూ వెనకా అంచులూ కలిపితే దాదాపు 300 చదరపు సెంటీమీటర్లు. గాలి కదలని గదిలో, గదికన్నా ఒక డిగ్రీ వేడిగా ఉన్న ప్రతి చదరపు మీటరు నుంచి సుమారు 10 వాట్లు బయటకు పోతాయని ఇంజినీర్లు లెక్కకు తీసుకుంటారు. దాని ప్రకారం ఫోన్ ఒక్కో డిగ్రీకి 0.3 వాట్లు వదిలించుకుంటుంది. 3.4 వాట్లు వదిలించుకోవాలంటే గది కన్నా 11 డిగ్రీలు పైకి ఎక్కాలి. గదిలో 25 ఉంటే ఫోన్ ఉపరితలం 36 దగ్గర నిలుస్తుంది. చిప్ ఉన్న చోట మరికొంత ఎక్కువ, అయినా చేతికి పర్వాలేదు.

ఇప్పుడు అదే ఫోన్‌ను మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో పెడదాం. బయట 44, గదిలో 38 అనుకుంటే 38కి 11 కలిపితే 49. చర్మానికి ఇది కాలే వేడి. ఉపరితలం 43, 45 డిగ్రీల చుట్టుపక్కలకు చేరకముందే ఫోన్ తనను తాను అదుపు చేసుకునేలా కంపెనీలు ఏర్పాటు చేస్తాయి. 43 దాటకూడదంటే గదికీ ఫోన్‌కూ తేడా 5 డిగ్రీలే, అంటే వదిలించుకోగలిగేది 1.5 వాట్లే. తెరకూ నెట్‌వర్క్‌కూ పోను ఆటకు మిగిలేది చాలా తక్కువ. చిప్‌లో ఏ లోపమూ లేకుండానే ఆట కూలబడుతుంది.

ఎంతసేపట్లో కూలబడుతుందో కూడా లెక్క చెబుతుంది. 200 గ్రాముల ఫోన్‌ను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 180 జౌళ్లు కావాలి. దాన్ని బట్టి ఫోన్ ఎక్కాల్సిన 11 డిగ్రీలలో మొదటి ఐదు నిమిషాల్లో నాలుగు మాత్రమే ఎక్కుతుంది. పది నిమిషాలకు ఏడు, ఇరవై నిమిషాలకు దాదాపు పది. షాపులోని ఐదు నిమిషాల డెమో వేడి గురించి ఏమీ చెప్పలేకపోవడానికి కారణం ఇక్కడుంది.

అదుపు చేసుకోవడం అంటే గడియార వేగాన్ని తగ్గించుకోవడం. చిప్ తాగే శక్తికి ఒక సూత్రం ఉంది: P ∝ C·V²·f. ఇందులో f వేగం, V వోల్టేజీ, C చిప్ నిర్మాణాన్ని బట్టి వచ్చే అంకె. వేగం 20 శాతం తగ్గిస్తే వోల్టేజీ కూడా తగ్గించవచ్చు. అది 10 శాతం తగ్గిందనుకుంటే ఖర్చు 0.8 × 0.9 × 0.9, అంటే 65 శాతానికి దిగుతుంది. ఐదో వంతు వేగం వదులుకుంటే మూడో వంతుకు పైగా వేడి తగ్గుతుంది. అందుకే ఫోన్ తయారీదారులు ముందు దీన్నే నమ్ముకుంటారు. దాంతోపాటు తెర వెలుగు తనంతట తాను తగ్గుతుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. ఆట మధ్యలో ఎవరూ ముట్టుకోకుండానే తెర మసకబారితే, తర్వాత ఫ్రేములు పడిపోబోతున్నాయని గుర్తు.

ఈ ఒక్క విషయంలో బడ్జెట్ చిప్‌కు ఒక అనుకూలత ఉంది. అది మొదటి నుంచీ తక్కువే తాగుతుంది. ఖరీదైన చిప్ మొదటి ఐదు నిమిషాలు ఎగిరిపడి తర్వాత బాగా కిందికి దిగడం మామూలే. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 లాంటిది 25 డిగ్రీల గదిలో అరగంట తర్వాత కూడా దాదాపు మొదటి వేగంతోనే నడవగలదు. దానికి ప్రమాదం బయటి నుంచి వస్తుంది. ఎండాకాలం ఒకటి. ఛార్జింగ్ పెట్టి ఆడటం రెండోది, అప్పుడు బ్యాటరీ సొంత వేడి కూడా తోడవుతుంది. మందపాటి రబ్బరు కవర్ మూడోది. సిగ్నల్ సరిగా లేని చోట మొబైల్ డేటాతో ఆడటం నాలుగోది, టవర్‌ను అందుకోవడానికి మోడెమ్ అదనంగా శ్రమిస్తుంది.

మందు కూడా ఇదే లెక్కలోంచి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే ఫోన్ నుంచి వేడి పోయే జోరు దాదాపు రెట్టింపు అవుతుంది. 11 డిగ్రీలు ఎక్కాల్సిన చోట ఆరుతో సరిపోతుంది. కవర్ తీసి, ఛార్జర్ ఊడదీసి, వైఫై మీద, ఫ్యాన్ కింద ఆడితే మే నెలలోనూ మ్యాచ్ దక్కించుకోవచ్చు. గాలిలో తేమ ఫోన్‌ను పెద్దగా బాధించదు, దానికి చెమట పట్టదు కాబట్టి. విశాఖలో మనిషికి ఉక్కపోసే 34 డిగ్రీల సాయంత్రం ఫోన్‌కు రామగుండం మధ్యాహ్నం కన్నా ఎంతో హాయి. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం చెడ్డ పని. చల్లబడిన ఫోన్‌ను బయటకు తీయగానే గాలిలోని తేమ దాని లోపలా బయటా నీటిబొట్లుగా పేరుకుంటుంది.

ఎక్కడ లోపమో పట్టుకోవడం

మ్యాచ్ మొదలైన వెంటనే, ముఖ్యంగా పొగలోనూ గుంపుల మధ్యా ఫ్రేములు పడి, ఆ చోటు దాటగానే కోలుకుంటే చిప్ చాలడం లేదు. గ్రాఫిక్స్ 'స్మూత్'కు దించాలి. దిగేటప్పుడు, జీపులో వేగంగా పోయేటప్పుడు, కొత్త ఊళ్లోకి అడుగుపెట్టేటప్పుడు ఒక్కసారిగా ఆగి మళ్ళీ కదిలితే స్టోరేజీ, ర్యామ్ వైపు చూడాలి. వెనకున్న యాప్‌లు మూసి, స్టోరేజీలో పదిహేను, ఇరవై శాతం ఖాళీ ఉంచితే కొంత కుదురుతుంది. మొదట బాగుండి, పావుగంట దాటాక నెమ్మదించి, లాబీకి వచ్చాక కూడా కోలుకోకపోతే అది వేడి. చిత్రం సాఫీగా ఉండి శత్రువు మాత్రం ఒక చోట మాయమై ఇంకో చోట తేలితే ఫోన్‌కు సంబంధమే లేదు, అది పింగ్ సమస్య. ల్యాగ్ అన్న ఒకే మాటతో ఈ నాలుగింటినీ పిలవడం వల్లే చాలామంది నెట్‌వర్క్ తప్పుకు ఫోన్ మారుస్తారు.

అనుమానం తీరకపోతే కంప్యూటర్‌కు కలిపి, మ్యాచ్‌కు ముందూ, ఫ్రేములు పడిపోయినప్పుడూ ఈ రెండు కమాండ్లు ఇచ్చి చూడవచ్చు.

```
adb shell dumpsys battery
adb shell dumpsys thermalservice
```

మొదటిదాంట్లో `temperature: 412` అని కనిపిస్తే బ్యాటరీ 41.2 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. రెండోది ఆండ్రాయిడ్ 10, ఆపై వెర్షన్లలో పనిచేస్తుంది. అందులో `Thermal Status` పక్కన 0 ఉంటే వేడి వల్ల ఏ కోతా లేదు. 1 అంటే స్వల్పం, 2 ఓ మోస్తరు, 3 తీవ్రం. ఫ్రేములు పడిపోయిన సమయంలో అక్కడ 0 కనిపిస్తే నేరం వేడిది కాదు.

మూసి ఉన్న 60, 90 ఫ్రేముల మెట్లను తెరుస్తామంటూ జీఎఫ్‌ఎక్స్ టూల్ పేరుతో కొన్ని యాప్‌లు తిరుగుతుంటాయి. ఏ ఫోన్‌కు ఏ మెట్టు వరకు తెరవాలో ఆట తన దగ్గరున్న జాబితాను బట్టి నిర్ణయిస్తుంది. ఈ యాప్‌లు ఆ అమరికను మారుస్తాయి, అంతే. గీసే సత్తా చిప్‌లో పెరగదు కాబట్టి 60 అని రాసి ఉన్న చోట 42కూ 55కూ మధ్య ఊగే ఆట దొరుకుతుంది, పైగా వేడి ఎక్కువ. ఆట ఫైళ్లను మార్చినందుకు ఖాతా నిషేధానికి గురయ్యే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి పదకొండు, పన్నెండు వేల ఫోన్‌కు ఇవ్వదగిన తీర్పు ఇలా ఉంటుంది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌ను, కాల్ ఆఫ్ డ్యూటీ చిన్న మ్యాప్‌లను అది బాగానే మోస్తుంది. బీజీఎంఐని 'స్మూత్' గ్రాఫిక్స్‌లో 40 ఫ్రేముల దగ్గర నిలకడగా ఆడిస్తుంది, 6 జీబీ ర్యామ్, యూఎఫ్‌ఎస్ స్టోరేజీ ఉంటేనే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆటగాడే ముందుగా 30కి దించుకోవడం మంచిది. వేడెక్కాక ఫోన్ బలవంతంగా దించేటప్పుడు ఫ్రేములు 40కీ 25కీ మధ్య ఊగిసలాడుతాయి. 30 దగ్గర కట్టేస్తే చిప్ సెకనుకు పది ఫ్రేములు తక్కువ గీస్తుంది, ఆ మేరకు వేడీ తగ్గి మ్యాచ్ చివరిదాకా ఒకే వేగం దొరుకుతుంది. స్థిరంగా 60 కావాలనుకునేవారు వెతకాల్సింది నాలుగు పెద్ద కోర్లున్న చిప్‌ను, దానికి ఇంకొంత ఎక్కువ పెట్టాలి. అంత పెట్టలేనివారు కొన్న ఫోన్‌ను వాపసు గడువు ముగిసేలోపు ఇంట్లోనే, ఏసీ లేని గదిలో, వరసగా మూడు పూర్తి మ్యాచ్‌లు ఆడించి చూడాలి. మూడో మ్యాచ్ చివరి వలయంలో పొగ లేచినప్పుడు ఎన్ని ఫ్రేములు వచ్చాయో, ఆ ఫోన్ అసలు వేగం అదే.